ఒకరు కొడతారు, ఒకరు వెనకేసుకొస్తారు: పిల్లల విషయంలో ఆలుమగలు ఒక మాట మీదికి ఎలా రావాలి

"నీ గావురంతోనే వాడు ఖరాబైతుండు" అని ఆయన. "నువ్వు కొట్టబట్టే మొండికేస్తుండు" అని ఆమె. హనుమకొండలో అయినా పరకాలలో అయినా పిల్లల గురించి ఆలుమగల గొడవ చాలా ఇళ్లల్లో ఈ రెండు మాటల మధ్యనే తిరుగుతుంది. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది కాబట్టే అది ఎన్నాళ్లైనా తెగదు. మీ ఇంట్లోనూ ఇదే నడుస్తుంటే, ఎవరు రైటో తేల్చే పని పక్కన పెట్టి కింద చెప్పిన వరసలో వెళ్లండి. వరస ముఖ్యం. చాలామంది నేరుగా రూల్స్ దగ్గర మొదలుపెట్టి, వారం తిరక్కముందే మళ్లీ పాత గొడవలో పడతారు.

అర్థం కావడానికి ఒక ఇంటిని ఊహించుకుందాం. బాబుకు ఎనిమిదేళ్లు, గొడవ ఫోన్ గురించి. తండ్రి పరకాల వైపు పల్లెలో పెరిగాడు. వాళ్ల బాపు పత్తి చేను నుంచి వచ్చి గడపలో కాలు పెడితే చాలు, పిల్లలంతా పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవాళ్లు. అక్కడ భయమే మర్యాద. తల్లి గోదావరిఖనిలో సింగరేణి క్వార్టర్లో పెరిగింది. నాన్నకు నైట్ షిఫ్ట్ పడినప్పుడు పగలంతా ఇంట్లో చప్పుడు కావొద్దు. పిల్లలు ఏడుపు అందుకుంటే వాళ్లమ్మ అడిగింది చేతిలో పెట్టి నోరు మూయించేది. కొట్టేది కాదు, అరిచేది కాదు, ఎందుకంటే అరిస్తే ఆయన లేస్తాడు. అక్కడ నేర్చుకున్నది ఏంటంటే, ఇంట్లో అలికిడి లేకపోతే అంతా బాగున్నట్టే.

ఇప్పుడు ఆ ఇద్దరూ ఒక ఇంట్లో ఉన్నారు. సాయంత్రం బాబు అన్నం తినడు, ఆమె ఫోన్ ఇస్తుంది, తింటాడు, ఇల్లు నిమ్మళంగా ఉంటుంది. ఎనిమిదిన్నరకు ఆయన వస్తాడు, కంచం ముందు ఫోన్ చూస్తాడు, గుంజుకుంటాడు, వాడు ఎదురు మాట్లాడతాడు, వీపు మీద ఒక్కటి పడుతుంది. ఆమె వాణ్ని వంటింట్లోకి తీసుకుపోయి బిస్కెట్ ఇచ్చి కళ్లు తుడుస్తుంది. పడుకునే ముందు ఆమె ఫోన్ మళ్లీ వాడి చేతిలోనే ఉంటుంది. ఈ బాబునే చివరిదాకా ఉదాహరణగా పెట్టుకుందాం.

మొదట: పిల్లాడితో ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరెలా ఉంటున్నారో చూసుకోండి

ఆమె మూడు రోజులు పుట్టింటికి వెళ్తే ఆయన ఎలా ఉంటాడు? ఆయన డ్యూటీ మీద ఊరెళ్తే ఆమె ఎలా ఉంటుంది? నిజాయితీగా గుర్తు చేసుకోండి. చాలా ఇళ్లల్లో కనబడేది ఒకటే. అడ్డుపడే మనిషి లేనప్పుడు కొట్టే తండ్రి కాస్త మెత్తబడతాడు, దోశ తినిపించడానికి బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోతాడు. వెనకేసుకొచ్చే తల్లి, ఆయన ఇంట్లో లేనప్పుడు "టీవీ బంద్ చెయ్" అని ఒక్కసారి గట్టిగా అంటే పని అయిపోతుంది.

అంటే మీరు అనుకుంటున్నంత దూరంలో మీరిద్దరూ లేరు. ఒకే గదిలో ఉన్నప్పుడు ఒకరినొకరు అంచులకు నెట్టుకుంటున్నారు. ఆమె ఏమీ అనదు కాబట్టి ఇద్దరి వంతు తానే గట్టిగా ఉండాలని ఆయన అనుకుంటాడు, ఆయన కొడుతున్నాడు కాబట్టి ఇద్దరి వంతు తానే మెత్తగా ఉండాలని ఆమె అనుకుంటుంది. పెరిగిన తీరు మొదటి తోపు మాత్రమే, మిగతా దూరం మీరిద్దరూ కలిసి పెంచుకున్నదే. ఈ సంగతి ఇద్దరూ ఒప్పుకుంటే సగం వేడి దిగుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా మీరు అంతే కఠినంగానో అంతే మెత్తగానో ఉంటే, అప్పుడు నిజంగా పెంపకమే మాట్లాడుతోందన్నమాట, తర్వాతి పనికి ఇంకాస్త ఎక్కువ టైం పెట్టండి.

తర్వాత: మీరు పెరిగిన ఇళ్ల గురించి మాట్లాడుకోండి, కానీ ఇంట్లో కాదు

పిల్లాణ్ని నానమ్మ దగ్గర వదిలి భద్రకాళి బండ్ మీద ఒక గంట నడవండి, లేదంటే వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి పోండి. పక్కపక్కన నడుస్తూ మాట్లాడితే ఎదురెదురుగా కూర్చున్నంత పట్టింపు ఉండదు. గొడవ జరిగిన రాత్రి మాత్రం ఈ ముచ్చట పెట్టొద్దు.

నాలుగే ప్రశ్నలు, ఇద్దరూ జవాబు చెప్పాలి. చిన్నప్పుడు తప్పు చేసి దొరికిపోతే ఇంట్లో ఏం జరిగేది? ఆ తర్వాత నిన్ను దగ్గరికి తీసుకుంది ఎవరు, ఎంతసేపటికి? అప్పుడు నీకేమనిపించేది? నా పిల్లల్ని మాత్రం ఇలా చెయ్యను అనో, నా పిల్లల్ని కూడా ఇలాగే పెంచుతా అనో ఎప్పుడైనా అనుకున్నావా?

రెండో ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. దెబ్బ అందరికీ గుర్తుంటుంది, తర్వాత ఏం జరిగిందో ఎవరూ అడగరు. మన ఉదాహరణలో ఆయన్ని బాపు కొట్టిన రాత్రి వాళ్లవ్వ చప్పుడు చేయకుండా వచ్చి అన్నం కలిపి పెట్టేది. అంటే దెబ్బ, ఓదార్పు రెండూ ఉన్న ఇల్లు అది. అందుకే "మమ్మల్ని కొట్టలేదా, మేం బాగుపడలేదా" అని అంత ధీమాగా అంటాడు. ఆయన్ని నిలబెట్టింది దెబ్బేనా, ఆ అన్నం ముద్దా అన్నది ఎప్పుడూ విడదీసి చూసుకోలేదు. ఆమెకైతే దెబ్బలు లేవు కానీ, నాన్న నిద్ర లేస్తాడేమోనన్న టెన్షన్‌లో పగళ్లు గడిచాయి. మగ గొంతు పైకి లేస్తే ఆమెకు ఇప్పటికీ గుండె దడ. భర్త బాబు మీద అరిచినప్పుడు ఆమె పరుగెత్తుకొచ్చేది బాబు కోసం ఒక్కటే కాదు.

ఇక్కడ ముచ్చట చెడేది ఒకే చోట, "మా నాన్నను అంటున్నావా?" దగ్గర. కాబట్టి ముందే ఒక కండిషన్ పెట్టుకోండి, అవతలి వాళ్ల పెద్దల మీద తీర్పు చెప్పొద్దు. ఎవరి తల్లిదండ్రుల గురించి వాళ్లే మంచీ చెడూ చెప్పుకోవాలి. రెండో వాళ్లు వినాలి, ఇంకేదైనా అడగాలనిపిస్తే అడగాలి, అంతే. "అందుకే నువ్విట్లున్నావ్" అన్న మాట నోటి చివరిదాకా వస్తుంది. మింగేయండి.

కొట్టడం మీద వాదన ఎలాగూ వస్తుంది కాబట్టి తెలిసింది చెప్తాను. అమెరికాలో ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ అనే ఇద్దరు పరిశోధకులు సుమారు 1,60,000 మంది పిల్లలకు సంబంధించిన అధ్యయనాలన్నీ కలిపి 2016లో ఒక పరిశీలన ప్రచురించారు. ఒళ్లు హూనం చేసే దెబ్బలు కాదు, పిర్ర మీద ఒకటి వేయడం గురించి. దెబ్బలు తిన్న పిల్లల్లో మొండితనం, కొట్లాట, దిగులు ఎక్కువగా కనిపించాయి, మాట వినే గుణం పెరిగినట్టు కనబడలేదు. ముందే మొండి పిల్లలు కాబట్టే ఎక్కువ దెబ్బలు తిన్నారేమో అనొచ్చు, ఆ అనుమానం న్యాయమైనదే. ఇక "మా సార్లు గోడకుర్చీ వేయించలేదా, తొడపాశం పెట్టలేదా" అంటారు. ఇప్పుడు బడిలో అవి చేస్తే చట్టం ఒప్పుకోదు, 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. అయితే తల్లులు ఇది చదివి గెలిచినట్టు అనుకోవద్దు. 1960లలో డయానా బామ్‌రిండ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త తల్లిదండ్రుల తీరుల్ని గమనించినప్పుడు, అడిగిందల్లా ఇచ్చే ఇళ్లల్లో పిల్లలకు తమను తాము అదుపు చేసుకోవడం సరిగా రాలేదని కూడా చూసింది. ప్రేమా ఉండి, చెప్పిన మాట మీద నిలబడటమూ ఉన్న ఇళ్ల పిల్లలే మెరుగ్గా ఉన్నారు.

ఇద్దరూ చెరొకటి వదులుకోండి, అదీ ఒకే రోజు

ఇప్పుడు ఒక్కొక్కరూ తాము అస్సలు తట్టుకోలేనిది ఒక్కటి చెప్పాలి, ఒక్కటే. ఆయన బహుశా "నేను చెప్పిన మాటను వాడి ముందే నువ్వు కొట్టిపారేస్తావ్ చూడు, అది" అంటాడు. ఆమె "వాడి మీద చెయ్యి లేవడం" అంటుంది. ఇదే బేరం. ఆమె తిరగదోడటం మానేస్తుంది, ఆయన చెయ్యెత్తడం మానేస్తాడు. "ముందు నువ్వు మానెయ్, అప్పుడు చూద్దాం" అన్నారంటే ఇది అయ్యే పని కాదు, తారీకు పెట్టుకుని ఇద్దరూ ఒకేసారి మానాలి.

ఆయన చేతిలోంచి దెబ్బ తీసేస్తే అక్కడ ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీలో ఏం చేయాలో ముందే అనుకోకపోతే మూడో రోజు చెయ్యి లేస్తుంది. చేయాల్సింది ఇది. గుమ్మంలో నిలబడి అరవకుండా వాడి దగ్గరికి వెళ్లాలి, వాడి కళ్ల ఎత్తుకు కూర్చోవాలి, ఒకే ఒక్క వాక్యం చెప్పాలి, "టైం అయింది, ఫోన్ ఇవ్వు". మనసులో పది లెక్కపెట్టాలి. ఇవ్వకపోతే తీసుకోవాలి. లెక్చర్ ఉండదు, "నీ వయసులో మేము" అనే పురాణం ఉండదు. కోపం నెత్తికెక్కితే "ఐదు నిమిషాల్లో వస్తా" అని చెప్పి బాల్కనీలోకి పోవాలి, చెప్పినట్టే తిరిగి రావాలి.

ఆమె చేయాల్సింది ఇంకా కష్టం. పిల్లాడు ఏడుస్తూ ఆమె వైపే చూస్తాడు. అప్పుడు కదలకుండా ఉండాలి. అయిపోయాక దగ్గరికి తీసుకోవచ్చు, తలనిమరొచ్చు, "ఏడుపొచ్చిందా నాన్నా" అనొచ్చు. ఓదార్చడానికి అడ్డేమీ లేదు. ఫోన్ తిరిగి ఇవ్వడం, బదులుగా బిస్కెట్ ప్యాకెట్ పెట్టడం, "డాడీ చెడ్డోడు" అనడం, ఈ మూడూ ఉండకూడదు. ఇంకోటి, "డాడీ రానీ, చెప్తా నీ సంగతి" అనే మాట ఈ రోజుతో ఆపేయాలి. సాయంత్రం ఐదింటి తప్పుకు రాత్రి ఎనిమిదిన్నరకు శిక్ష పడితే పిల్లాడికి అర్థమయ్యేది డాడీ వస్తే భయమని మాత్రమే. పైగా ఆయన్ని పోలీసును చేసి, ఆ తర్వాత పోలీసులా ఉన్నాడని ఆమే గొడవ పడుతుంది.

ఒక్క విషయానికి ఒక్క రూల్ రాయండి

హోంవర్కు, తిండి, నిద్ర, ఎదురు మాటలు అన్నీ ఒకేసారి పెట్టుకోకండి. ఎక్కువ గొడవ దేని మీద వస్తుందో అది ఒక్కటే తీసుకోండి. మన ఇంట్లో ఫోన్. కాగితం మీద ఇలా రాసుకున్నారనుకుందాం.

"బడి ఉన్న రోజుల్లో ఫోన్ సాయంత్రం 7 నుంచి 7.30 వరకు. అలారం మోగగానే తనే తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాలి. పెట్టకపోతే మర్నాడు ఫోన్ లేదు. తినేటప్పుడు ఇంట్లో ఎవరికీ ఫోన్ లేదు. ఫోన్ ఎవరిస్తే వాళ్లే తిరిగి తీసుకుంటారు."

అరగంటే ఎందుకు, గంట పెట్టుకోవచ్చా అంటే పెట్టుకోండి, ఇద్దరికీ సమ్మతమైన లెక్క అయితే చాలు. శిక్ష మాత్రం ఒక్క రోజుకే ఎందుకంటే, కోపంలో "వారం రోజులు ఫోన్ ముట్టుకోవద్దు" అంటాం, మూడో రోజు మనకే ఓపిక ఉండదు, ఎవరో ఒకరు ఇచ్చేస్తారు, రూల్ అక్కడితో ఖతం. "ఎవరికీ" అన్న మాట ఆయన కోసం. అన్నం ముందు కూర్చుని వాట్సాప్ చూసుకుంటూ ఫోన్ పక్కన పెట్టమంటే ఎనిమిదేళ్ల పిల్లాడు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. చివరి వాక్యం ఆమె కోసం. ఆమె ఇచ్చింది ఆయన గుంజుకునే సీన్ ఇక ఉండదు, ఆయన వచ్చేసరికి అది ఫ్రిజ్ మీదే ఉంటుంది.

ఈ రూల్ బాబుకు ఇద్దరూ కలిసి చెప్పాలి, ఆదివారం పొద్దున, ఏ గొడవా లేనప్పుడు. ఒక వాక్యం అమ్మ, ఒక వాక్యం నాన్న.

గొడవ మధ్యలో ఉన్నప్పుడు

ఎవరు మొదలుపెట్టారో వాళ్లే ముగించాలి, రెండో వాళ్లు మధ్యలో దూరకూడదు. నచ్చకపోతే పిల్లాడు పడుకున్నాక చెప్పుకోవాలి. కానీ అవతలి మనిషి అదుపు తప్పుతున్నట్టు కనిపిస్తే ఒక సైగ మాట పెట్టుకోండి. "మోటర్ బందు చేసినవా?" లాంటిది ఏదైనా. అది వినగానే ఆ మనిషి ఏమీ వాదించకుండా గదిలోంచి బయటికి పోవాలి, రెండో వాళ్లు అదే రూల్‌ను కొనసాగించాలి. సైగ ఇచ్చి ఆయన్ని బయటికి పంపి ఫోన్ ఇచ్చేస్తే ఆ మాట మళ్లీ పనిచేయదు. చెయ్యి నిజంగానే లేస్తే సైగలూ పద్ధతులూ లేవు, పిల్లాడికి అడ్డంగా నిలబడండి, మాటలు తర్వాత.

పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఇంకో తలనొప్పి ఉంది. అప్పట్లో కొడుకును బాపు చితకబాదుతుంటే గుడ్లప్పగించి చూసిన నానమ్మే ఇప్పుడు "పసిపోరడు, వాన్ని ఏమనకు కొడుకా" అని చీరకొంగు అడ్డం పెడుతుంది. నవ్వొస్తుంది కానీ, రూల్‌కు గండి పడేది అక్కడే. దీనికి ఒకటే పద్ధతి, ఎవరి తల్లికి వాళ్లే చెప్పాలి. కోడలు "అత్తమ్మా, ఫోన్ ఇవ్వకండి" అంటే అది వేరే యుద్ధం అవుతుంది. కొడుకు చెప్పాలి, అదీ ఆర్డర్ లాగా కాకుండా పని అప్పగించినట్టు. "అమ్మా, ఏడున్నరకు అలారం మోగుతది, ఫోన్ ఫ్రిజ్ మీద పెట్టిండా లేదా నువ్వే చూడు." కాపలా ఆమె చేతిలోనే పెడితే గండి కొట్టడం తగ్గుతుంది. అమ్మమ్మ ఇంటికి పోయినప్పుడు ఎట్లా అంటే, అక్కడ రెండు రోజులు రూల్ లేదని మీరే ముందుగా చెప్పేయండి. దొంగచాటుగా తెగే రూల్ కన్నా చెప్పి సెలవిచ్చిన రూల్ గట్టిది.

మొదటి రెండు వారాలు

బాగుపడే ముందు పరిస్థితి ముదురుతుంది, ఇది ముందే తెలుసుకోకపోతే మోసపోతారు. ఇన్నాళ్లూ ఏడిస్తే ఒక్కోసారి దొరికింది, ఒక్కోసారి దొరకలేదు. ఎప్పుడూ దొరకని దాని కోసం పిల్లలు తొందరగా ఆశ వదిలేస్తారు, అప్పుడప్పుడు దొరికేదాన్ని మాత్రం అంత తేలిగ్గా వదలరు. కాబట్టి మూడో రోజో నాలుగో రోజో ఏడుపు ఎప్పుడూ లేనంత పెద్దదవుతుంది, వస్తువులు విసరొచ్చు, "నువ్వు మంచిదానివి కాదు" అనొచ్చు. సరిగ్గా ఆ రోజే ఆయన "చూశావా, దెబ్బే కరెక్టు" అంటాడు, ఆమె "పోనీలే, ఐదు నిమిషాలు ఇద్దాం" అంటుంది. పెరిగిన ఇళ్లు రెండూ లేచి నిలబడేది అప్పుడే. ఆ గరిష్ఠ స్థాయిలో ఇచ్చారంటే ఎంత గట్టిగా ఏడవాలో మీరే నేర్పినట్టు. ఇవ్వాలనుకుంటే అడిగిన మొదటి నిమిషంలోనే ఇచ్చేయడం నయం.

వంటింట్లో క్యాలెండర్ మీద రోజూ ఒకే అంకె వేయండి, ఆ రాత్రి ఏడుపు ఎన్ని నిమిషాలు నడిచిందో. ఆదివారం రాత్రి పావుగంట ఇద్దరూ కూర్చుని ఆ అంకెలు చూడండి. ఎవరి తప్పు ఎన్నిసార్లని లెక్కలు తీయకండి. నిమిషాలు తగ్గుతుంటే, "ఇంకెంత టైం ఉంది?" అని వాడే అడగడం మొదలుపెడితే, పని జరుగుతున్నట్టే. మూడు వారాలైనా అంకె కదలకపోతే ముందు రూల్‌ను అనుమానించండి. బడి నుంచి వచ్చి ఆ టైంకు వాడు అలసిపోయి ఆకలితో ఉన్నాడేమో, ఏడుకు బదులు ఆరింటికి మార్చి చూడండి. అదీ కాకపోతే ఇంట్లో ఎవరో ఇంకా చాటుగా ఇస్తున్నారు.

ఫోన్ గొడవ సద్దుమణిగాక హోంవర్కుకు పోండి. అప్పుడు మళ్లీ బండ్ మీద నడక అక్కర్లేదు, చెరొకటి వదులుకున్న ఆ బేరమే దానికీ వర్తిస్తుంది.

ఇది పనికిరాని ఇళ్లు

పైన చెప్పినదంతా ఇద్దరికీ పిల్లాడి మంచే కావాలి, దారులే వేరు అనుకున్న ఇంటికి. బెల్టు, వైరు బయటికి వస్తున్నా, ఒంటి మీద వాతలు తేలుతున్నా, తాగి వచ్చి కొడుతున్నా, బాబు ఆ మనిషి బండి చప్పుడుకే పక్క తడుపుతున్నా, ఇది పెంపకాల తేడా కాదు, కలిసి రూల్ రాసుకునే సమయమూ కాదు. పిల్లల కోసం 1098, ఆమె మీదా చెయ్యి లేస్తుంటే మహిళల హెల్ప్‌లైన్ 181. రెండింటికీ ఫోన్ చేయడానికి డబ్బులు పడవు. దెబ్బలేవీ లేవు కానీ కోపం ఎంత ప్రయత్నించినా ఆయన చేతుల్లో ఉండటం లేదు, లేదా చిన్ననాటి ముచ్చట తీస్తే ఆమె తట్టుకోలేకపోతోంది అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. అక్కడికి ఫోన్ చేసేది ఎవరికి ఇబ్బందిగా ఉందో వాళ్లే అయితే మంచిది. అవతలి మనిషిని "నువ్వు చెయ్, నీకే అవసరం" అని నెడితే మళ్లీ మొదటి గొడవే మొదలవుతుంది.